IP-Adapter FaceID: వయసు మార్చడంలో నాకు బాగా నచ్చిన రెండు విలువలు

IP-Adapter FaceID అంటే ఒక రిఫరెన్స్ ఫొటోలోని ముఖాన్ని AI తయారుచేసే కొత్త బొమ్మలోకి తెచ్చేది. AI బొమ్మలు చేసే ComfyUIలో దీని సెటప్ అందరికీ తెలిసిందే, వదిలేస్తున్నా. చాలా కాలంగా వాడుతున్నాక నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది ఒకటే: రిఫరెన్స్ ప్రభావం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో చెప్పే start_at, end_at. చాలామంది వాటిని 0, 1 దగ్గరే ఉంచేస్తారు.

అలా ఉంచి, రిఫరెన్స్ బలాన్ని చెప్పే weight 0.9 పెడితే, ప్రాంప్టులో అరవై ఏళ్లని ఎంత గట్టిగా రాసినా, నెరిసిన జుట్టు పెట్టుకున్న కుర్రాడే వస్తాడు. రిఫరెన్స్ ముఖం నుంచి తీసుకునే అంకెల్లో వయసు కూడా కొంత కలిసి ఉంటుంది మరి. weight 0.4కి తగ్గిస్తే నిజంగానే ముసలాయన వస్తాడు, కానీ వేరే ఎవరో.

బొమ్మ తయారయ్యేటప్పుడు ముందు స్టెప్పుల్లో ముఖం ఆకారం కుదురుతుంది, చర్మం, ముడతలు చివర్లో వస్తాయి. పెద్దయ్యాక కళ్ల మధ్య దూరం దాదాపు మారదు. చర్మం సడలుతుంది, పెదాలు పలచబడతాయి, ముక్కు కొన కాస్త వాలుతుంది. అంటే రిఫరెన్స్ మొదట ఉండి, తర్వాత పక్కకు తప్పుకోవాలి.

నాన్న ఇరవై ఎనిమిదేళ్ల ఫొటోతో weight 0.8, end_at 0.6 పెట్టాను. 30 స్టెప్పుల్లో సుమారుగా మొదటి 18 రిఫరెన్స్‌కి, మిగతా 12 ప్రాంప్టుకి. కాస్త పైకి ఉండే ఎడమ కనుబొమ్మ అలాగే నిలిచింది, కళ్ల కింద సంచులు, జారిన దవడ గీత వచ్చాయి. ఆయన అరవై ఏళ్ల అసలు ఫొటో పక్కన పెట్టి చూస్తే ఒళ్లు పులకరించింది. అమ్మకి చూపిస్తే, "ఇది ఎప్పుడు తీశారు? నేను చూడలేదే" అంది.

చిన్నతనానికి వెళ్లాలంటే దీన్ని తిరగేయాలి. పిల్లల్లో దవడ చిన్నది, ముక్కు దూలం పల్లంగా ఉంటుంది, ముఖంలో నుదురే ఎక్కువ. రిఫరెన్స్ ముందే దూరితే పెద్దవాళ్ల ఎముకలకి నున్నటి చర్మం తొడిగినట్టు వస్తుంది. start_at 0.3 పెడితే ముందు ప్రాంప్టు పిల్లవాడి తల కడుతుంది, తర్వాత కళ్లు, పెదాలు మనిషివి వచ్చి చేరతాయి. పన్నెండేళ్ల వరకు బాగుంది. ఐదేళ్లకి దించితే మాత్రం తమ్ముడిలా ఉన్నాడు తప్ప ఆయనే అనిపించలేదు.

ఇందాక అంతగా మెచ్చుకున్న ఫొటోలోనూ చెంప మీద పుట్టుమచ్చ పోయింది. ఆ అంకెల్లో మచ్చలు సరిగ్గా నిలవవు. చేత్తో చుక్క పెట్టి, అంతమేర మాస్క్ చేసి, కొద్దిగా మాత్రమే మారేలా 0.35 డీనాయిజ్‌తో కలపాల్సి వచ్చింది.

రెండు ముఖాలు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే పోలిక స్కోరును కూడా ఒంటరిగా నమ్మను. కుర్రాడికి నెరిసిన జుట్టు పెట్టిన బొమ్మకే స్కోరు ఎక్కువ వస్తుంది, ఎందుకంటే అందులో ముఖం అసలు మారలేదు. నాన్న రెండు అసలు ఫొటోల మధ్య స్కోరు చూసి దాన్నే కొలతగా పెట్టుకున్నా. అంతకంటే బాగా ఎక్కువ వస్తే వయసు సరిపోలేదనే లెక్క.

నావన్నీ ఎదురుగా చూస్తున్న, స్పష్టమైన ఫొటోలు, పైగా సరిచూసుకోడానికి అసలు ఫొటో ఉంది. మసకగా ఉన్న ఒక్క పాత ఫొటోతో మొదలుపెట్టేవాళ్లకి ఇవే విలువలు పనిచేస్తాయని చెప్పలేను. నేను మాత్రం ఇంకోదానికి మారే ఆలోచనలో లేను.