ముఖం మారకుండా బ్యాక్‌గ్రౌండ్ మార్చడానికి ఏది మేలు: మాటతో చెప్పడమా, మాస్క్ గీయడమా, లేయర్ వేయడమా?

పెదనాన్న షష్టిపూర్తి ఆల్బమ్ కోసం పెద్దమ్మ ఫొటో ఒకటి తీశాను. ఆమె వెనక ప్లాస్టిక్ కుర్చీలు, వాటర్ క్యాన్లు. ఒక ఏఐ ఎడిటింగ్ యాప్‌లో వేసి, వెనక గుడి ప్రాకారం పెట్టమని రాశాను. ప్రాకారం చక్కగా వచ్చింది. కానీ పెద్దమ్మ నుదుటి మీది గీతలు పోయాయి, ముక్కు సన్నబడింది, చామనఛాయ కాస్తా తెలుపు తిరిగింది. నాన్న చూసి "ఎవర్రా ఈవిడ?" అన్నారు.

కొత్త వెలుతురు వల్ల అలా కనిపిస్తోందేమోనని కలర్ పికర్ పెట్టి చూశాను. నుదుటి మీద ఒకే చోట అసలు ఫొటోలో RGB 142, 96, 72 ఉంటే, ఎడిట్ చేసినదాంట్లో 178, 132, 108 ఉంది. Lab రంగుల లెక్కలో, ఎంత లేతగా ఉందో చెప్పే L విలువ 45 నుంచి 59కి పెరిగినట్టు. ఆమె వేసుకున్న తెల్ల రవిక మాత్రం ఉన్నట్టే ఉంది. వెలుతురు మారితే రవిక తెలుపూ దాంతోపాటే మారాలి. చర్మం ఒక్కటే మారిందంటే అది వెలుతురు పని కాదు, యాప్ ఆమె ముఖాన్ని మళ్లీ గీసింది.

ఇలా ఎందుకు జరుగుతుందో Stable Diffusion 1.5 అనే బొమ్మలు గీసే ఏఐ మోడల్‌ని చూస్తే అర్థమవుతుంది. అది ఫొటోని నేరుగా ముట్టుకోదు, ముందు కుదించుకుంటుంది. 512×512 బొమ్మ 64×64 గళ్లవుతుంది, అంటే ఒక్కో గడి 8×8 పిక్సెళ్లకు సరి. నిలువెత్తు ఫొటోలో ముఖం 80 పిక్సెళ్ల వెడల్పుంటే అడ్డంగా దానికి దక్కేవి పది గళ్లే. పుట్టుమచ్చ, ముక్కుపుడక పక్కన మడత అందులో పట్టవు. బొమ్మను మళ్లీ విప్పేటప్పుడు ఆ ఖాళీలను తాను నేర్చుకున్న ముఖాలతో పూరిస్తుంది. నేర్చుకున్న ఫొటోల్లో తెల్లటి, నున్నటి ముఖాలు ఎక్కువైతే పూరింపూ అటే మొగ్గుతుంది. 2020లో డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకుల PULSE అనే, మసక ముఖాలను స్పష్టంగా చేసే ప్రోగ్రామ్‌కి ఒబామా మసక ఫొటో ఇస్తే తెల్లజాతి మనిషి ముఖం తయారుచేసింది. అది వేరే రకం మోడలే, జబ్బు మాత్రం ఇదే.

అందుకే మొదటి పద్ధతి, అంటే మొత్తం ఫొటో ఇచ్చి మాటతో చెప్పడం, ముఖం విషయంలో నాకు నమ్మకం లేనిది. "ముఖం మార్చకు" అని రాసినా అది తాళం కాదు, చిన్న మొగ్గు మాత్రమే. "అందంగా", "ప్రొఫెషనల్‌గా" లాంటి మాటలు కలిపితే ఇంకా చేటు. ఫొటోని ఎంతగా మార్చాలో చెప్పే Denoising strength అనే మీటను 0.75 నుంచి 0.3కి దించితే ముఖం దాదాపు నిలుస్తుంది, కుర్చీలూ నిలుస్తాయి. ఒకే మీటతో ఒకటి మార్చి ఇంకొకటి కాపాడటం కుదరదు.

రెండోది మాస్క్: మార్చాల్సిన చోటు మాత్రమే రంగు పూసి చూపించడం. దీంతో చాలా పని జరుగుతుంది, ముఖ్యంగా చీర రంగు మార్చేటప్పుడు. అయితే చాలామంది ముఖం ఒక్కటే వదిలేసి మిగతాదంతా పూసేస్తారు. అప్పుడు మెడ ఒక రంగు, ముఖం ఒక రంగు. ముఖం, మెడ, చేతులు, నడుము, చర్మం కనిపించే ప్రతి చోటూ మాస్క్ బయటే ఉండాలి. మాస్క్ గీత చర్మం మధ్యలో కాక గుడ్డ అంచు మీద పడాలి. ఇంకో చిక్కుంది. మాస్క్ బయటి భాగాన్ని కూడా కుదించి విప్పి, అసలు పిక్సెళ్లు తిరిగి అతికించని టూల్స్ ఉన్నాయి. మీ టూల్ అలా చేసిందేమో చూడాలంటే, ఎడిట్ చేసినదాని మీద అసలు ఫొటోని పై లేయర్‌గా పెట్టి, రెంటి తేడా చూపేలా బ్లెండ్ మోడ్ Difference చేయండి. ముఖం ఉన్నచోట పూర్తి నలుపు వస్తే మారలేదు. కళ్లు, పెదవుల రూపు లేతగా కనిపిస్తే మారింది.

పెద్దమ్మ ఫొటోకి నేను చివరికి ఎంచుకున్నది మూడోది. ప్రాకారాన్ని విడిగా, మనిషి లేకుండా చేయించుకుని, అసలు ఫొటోలోంచి ఆమెను కత్తిరించి పై లేయర్‌గా వేశాను. ముఖం మోడల్ చేతికే వెళ్లలేదు కాబట్టి మారే అవకాశమే లేదు. దీని లోపం అతికించినట్టు కనిపించడం. మొదట సాయంత్రపు ఎండ ఉన్న ప్రాకారం చేయించాను, మబ్బు పూట తీసిన పెద్దమ్మ దాని ముందు నప్పలేదు. ఆమె రంగు సర్దబోకుండా, ప్రాకారాన్నే మబ్బు వెలుతురులో మళ్లీ చేయించి, పాదాల కింద మెత్తటి నీడ వేశాను. జుట్టు అంచులకే ఇరవై నిమిషాలు పట్టింది. నుదుటి మీద మళ్లీ కొలిస్తే L విలువ 45.