చార్మినార్ ఫొటోలో ఆకుపచ్చ మచ్చ: హీలింగ్ బ్రషా, కర్వ్స్ లేయరా?

రాత్రి చార్మినార్ తీస్తే వీధి దీపం ఒక మూలన ఉంటుంది, లెన్స్ లోపల ఏర్పడే దాని ఆకుపచ్చ ప్రతిబింబం ఫ్రేమ్ మధ్యబిందువుకు అవతల, సరిగ్గా ఎదురు మూలన పడుతుంది. అది నల్లటి ఆకాశంలో పడితే ఆలోచించక్కర్లేదు, హీలింగ్ బ్రష్ చాలు.

మినార్ మీది గచ్చు నగిషీల మీద పడితేనే చిక్కు. హీలింగ్ బ్రష్ పక్కనున్న పిక్సెళ్లతో ఆ చోటు నింపేస్తుంది కాబట్టి పువ్వు రేకు అంచు అలికినట్టు అయిపోతుంది, నగిషీ వరస తప్పుతుంది. నిజానికి ఆ మచ్చ అసలు వివరాల మీద అదనంగా పడిన వెలుగు మాత్రమే, కింద నగిషీ అలాగే ఉంటుంది. అందుకే నా ఓటు కర్వ్స్‌కే. ఫొటోషాప్‌లో Curves లేయర్ వేసి, మాస్క్‌ను Ctrl+I తో నల్లగా మార్చి, మచ్చ మీద మాత్రమే మెత్తటి తెల్ల బ్రష్ తిప్పాలి. తర్వాత Green చానెల్‌లో ఎడమ కింది బిందువును కొద్దికొద్దిగా కుడికి జరపాలి. పక్క రాయి రంగుతో కలిసిందంటే ఆపేయాలి. గులాబీ ఛాయ వస్తే ఎక్కువ జరిపినట్టే.

Info ప్యానెల్‌లో మచ్చ నడిమి R, G, B మూడూ 255 చూపిస్తే మాత్రం కింద మిగిలిందేమీ లేదు. అప్పుడు అదే వరసలోని మరో పువ్వును క్లోన్ స్టాంప్‌తో తెచ్చి, వేరే లేయర్ మీద అతకాలి.