మందు పంపు వీడియో: గుణాలు చదివే స్క్రిప్టు మేలా, పని చూపే స్క్రిప్టు మేలా?

వీపుకు తగిలించుకునే 16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయర్ మీద మూడు నిమిషాల వీడియో కావాలని ఒక దుకాణదారు అడిగారు. చూసేవారంతా పత్తి, మిరప వేసే రైతులు. నేను రెండు స్క్రిప్టులు రాశాను. మొదటిదానిలో ఒక మనిషి యంత్రాన్ని బల్లమీద పెట్టి దాని గుణాలు వరుసగా చెబుతాడు. రెండోదానిలో ఒక రైతు దాన్ని చేలోకి తీసుకెళ్లి మందు కొట్టే పని మొత్తం చేసి చూపిస్తాడు. ఈ రెంటిలో ఏది కొనేవాడికి ఉపయోగపడుతుందో రాసేటప్పుడే చాలావరకు తెలిసిపోయింది.

మొదటి స్క్రిప్టు రాయడం సులువు. యంత్రంతో వచ్చిన కాగితం ముందుపెట్టుకుంటే సగం పని అయిపోతుంది. “16 లీటర్ల ట్యాంకు, 12 వోల్టుల 8 ఆంపియర్ అవర్ బ్యాటరీ, ఒక్కసారి చార్జింగ్ పెడితే 20 ట్యాంకులు, నాలుగు రకాల నాజిళ్లు ఉచితం.” ఒక గంటలో దుకాణంలోనే తీసేయవచ్చు, వానకాలమైనా వేసవైనా పంటతో పనిలేదు. రెండు మోడళ్లు పక్కపక్కన పెట్టి ధర, బరువు, బ్యాటరీ పోల్చాలంటే ఈ పద్ధతే నయం, ఎందుకంటే ఆ మాటలు పొలంలో నిలబడి చెప్పినా ఒకటే, బల్ల ముందు కూర్చుని చెప్పినా ఒకటే.

చిక్కంతా “20 ట్యాంకులు” అన్న చోట ఉంది. ఏ నాజిల్‌తో? సన్నని తుంపర వచ్చే నాజిల్ పెడితే ట్యాంకు ఖాళీ కావడానికి ఎక్కువసేపు పడుతుంది, అంటే అదే చార్జింగ్‌తో తక్కువ ట్యాంకులే వస్తాయి. ధార పెద్దదైతే ట్యాంకులు ఎక్కువ వస్తాయి గానీ మందు ఆకు మీద నిలవకుండా నేలకు కారిపోతుంది. కాబట్టి ఆ అంకె ఒక్కటే వింటే రైతు తన ఎకరానికి లెక్క కట్టుకోలేడు. కొన్నాక లెక్క తప్పితే దుకాణానికి వచ్చి అడుగుతాడు, ఆ అడగడం న్యాయమే.

రెండో స్క్రిప్టులో ఈ లెక్కకే ఎక్కువ సమయం ఇచ్చాను. పూతకొచ్చిన పత్తి చేలో 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు కొలిచి నాలుగు మూలలా కర్రలు పాతుతారు. అది దాదాపు 5 సెంట్లు, గుంటల్లో చెప్పుకుంటే రెండు గుంటలు. ట్యాంకులో గీత వరకు 16 లీటర్ల మంచినీళ్లు పోసి, మందు కొట్టినట్టే అంత మేరా తడుపుతారు. పని అయ్యాక మిగిలిన నీళ్లు కొలత డబ్బాలో పోస్తే 6 లీటర్లు ఉన్నాయి, పట్టిన సమయం 8 నిమిషాలు. రైతు మాట ఇది:

“రెండు గుంటలకు పది లీటర్లు పట్టాయి. ఎకరానికి ఇరవై రెట్లు, అంటే రెండు వందల లీటర్లు. పన్నెండున్నర ట్యాంకులు. డబ్బామీద ఎకరానికి 100 మిల్లీలీటర్లు అని ఉంటే ట్యాంకుకు 8 మిల్లీలీటర్లు కలపాలి.”

ఈ నాలుగు వాక్యాలు వీడియో అంతటిలోకీ విలువైనవని నా నమ్మకం. నడక వేగం, నాజిల్, పంట ఎత్తు ఏది మారినా పది లీటర్లు మారుతుంది, దాంతో ట్యాంకుకు కలిపే మందూ మారుతుంది. రైతు తన చేలో అలాగే కొలుచుకోవచ్చు. చూసేవాడు యంత్రాన్ని కొనకపోయినా ఈ పద్ధతి అతనితో వెళుతుంది.

ఆ తర్వాతి షాట్‌లో చార్జింగ్ నిజం తేలుతుంది. రాత్రంతా చార్జింగ్ పెట్టిన పంపుతో ఉదయం ఆరుకు మొదలుపెట్టి, ట్యాంకు ఖాళీ అయినప్పుడల్లా గట్టుమీద ఒక రాయి పెడతారు. ధార బలహీనపడేసరికి గట్టుమీద పద్నాలుగు రాళ్లు ఉన్నాయి. ఎకరానికి పన్నెండున్నర చాలు గనుక ఎకరం పూర్తయి కొంచెం మిగిలింది. రెండు ఎకరాలున్నవాడికి మాత్రం ఒక్క చార్జింగ్ సరిపోదని కెమెరా ముందే చెప్పాలి. కొత్త బ్యాటరీకే ఈ లెక్క, పాతబడేకొద్దీ రాళ్లు తగ్గుతాయన్న మాట కూడా అక్కడే. దుకాణదారు మొదట ఈ మాట తీసేయమన్నారు. నేను ఒప్పుకోలేదు. రెండెకరాల రైతు ఆ మాట విని ఇంకా పెద్ద బ్యాటరీ ఉన్న మోడల్ అడుగుతాడు, అదీ ఆయన దుకాణంలోనే ఉంది.

పని చూపే స్క్రిప్టు మరొక చోట ముందుంటుంది, అది శబ్దం. ఈ యంత్రం ఆరోగ్యం చెవికి తెలుస్తుంది. ధార ఆపే పిడి వదిలేస్తే మోటారు దానంతటదే ఆగిపోవాలి. ఆగకుండా టక్‌టక్‌మంటూ మళ్లీ మళ్లీ తిరుగుతుంటే పైపు బిగింపు దగ్గరో లోపలో నీరు కారుతున్నట్టు. మోటారు తిరుగుతున్నా ధార సన్నగిల్లితే జల్లెడలోనో నాజిల్‌లోనో చెత్త పట్టినట్టు. మోటారు శబ్దమే లేకపోతే బ్యాటరీ, స్విచ్చు, ఫ్యూజు చూడాలి. అందుకే ఈ భాగంలో పాట, వాయిద్యం పెట్టవద్దని స్క్రిప్టులోనే రాశాను. మాటలు కూడా తగ్గించాను. తీరిగ్గా చెబితే మూడు నిమిషాలకు మూడు వందల మాటలు పడతాయి, ఇందులో నూట యాభైకి మించలేదు. మొదటి స్క్రిప్టులో ఖాళీయే లేదు, ఎక్కడ ఆగినా వెలితిగా ఉంటుంది.

చెత్త పట్టిన నాజిల్ విప్పి నోటితో ఊదడం చాలా చోట్ల అలవాటు. షూటింగ్‌లోనూ రైతు అలాగే నోటి దగ్గరకు తెచ్చాడు. ట్యాంకులో ఉన్నవి నీళ్లే, అయినా ఆ షాట్ వాడలేదు. చూసినవాళ్లు రేపు మందు నాజిల్‌నూ అలాగే ఊదుతారు. చేతితొడుగులు వేయించి, మెత్తని బ్రష్షుతో నీళ్లలో కడిగించి మళ్లీ తీశాం. నిండు పంపు బరువూ దాచలేదు. నీళ్లే 16 కిలోలు, దానిపై యంత్రం, బ్యాటరీ. రైతు గట్టుమీద పెట్టుకుని నడుం వంచకుండా భుజానికి తగిలించుకునే తీరు మొదటి షాట్‌గా పెట్టాను.

“నేను వాడాను, బాగుంది” అని రైతు చెప్పే వీడియో మూడో దారి. తెలిసిన ముఖమైతే ఊళ్లో నమ్ముతారు. పక్క మండలానికి వెళితే అదే మాట ప్రకటనలా వినిపిస్తుంది, పైగా ఎంత భూమి, ఏ పంట అన్నది అందులో ఉండదు. దాన్ని నేను వాడుకోలేదు.

పని చూపే స్క్రిప్టుకు కష్టాలూ ఉన్నాయి. చేను పూతలో ఉన్నప్పుడే తీయాలి, గాలి లేని ఉదయం దొరకాలి, ఒక రోజంతా పోతుంది. మిరప రైతుకు పత్తి చేను చూపిస్తే కొలత పద్ధతి వరకే పనికొస్తుంది, పది లీటర్ల అంకె అతనికి వర్తించదు. ఆ మాట తెరమీద రాయించాను.

చివరకు దుకాణదారుకు ఇచ్చినది రెండోదే. మొదటి స్క్రిప్టులోంచి ఒక్క ముక్క తీసి దాని తోకకు కలిపాను. చివరి పదిహేను సెకన్లు కదలని తెర, దానిమీద బ్యాటరీ సామర్థ్యం, యంత్రం బరువు, వారంటీలో బ్యాటరీ ఎన్ని నెలలు, మోటారు ఎన్ని నెలలు, మరమ్మతు ఎక్కడ చేస్తారు. రైతు ఫోనులో ఆపి చదువుకోవడానికి వీలుగా అక్షరాలు పెద్దవిగా, ఐదే వరుసలు.