అమైడ్ జలవిశ్లేషణ: ఆమ్లంతోనా, క్షారంతోనా?

ప్రాక్టికల్స్ దగ్గర పడగానే భీమవరంలో మా డిగ్రీ పిల్లలు ఏటా ఇదే అడుగుతారు: "సార్, బెంజమైడ్‌ని ఆమ్లంతో కాచాలా, క్షారంతోనా?" రెండు దారులూ బెంజోయిక్ ఆమ్లానికే చేరుస్తాయని వాళ్ళకూ తెలుసు. నా మొగ్గు క్షారం వైపే. ఎందుకో చెప్పాలంటే ముందు అమైడ్ ఎందుకు మొండికేస్తుందో చూడాలి.

అమైడ్‌లో నైట్రోజన్ తన ఎలక్ట్రాన్ జంటను పక్కనున్న కార్బొనిల్‌తో పంచుకుంటుంది. అందుకే ఆ కార్బన్ హైడ్రాక్సైడ్‌ను త్వరగా దగ్గరకు రానివ్వదు. వచ్చి చేరినా అసలు చిక్కు ఆ తర్వాత ఉంది. ఇప్పుడు కార్బన్ మీద నుంచి ఏదో ఒకటి పోవాలి. నీటి pKa సుమారు 15.7, అమ్మోనియాది 38 దగ్గర. అంటే NH₂⁻ పోవడం కంటే, వచ్చిన హైడ్రాక్సైడ్ వచ్చిన దారినే పోవడం ఎంతో తేలిక. ఎక్కువసార్లు అదే జరుగుతుంది. నైట్రోజన్‌కి నీటి నుంచి ప్రోటాన్ అంది, అది NH₃గా పోయినప్పుడే పని ముందుకు సాగుతుంది. అలాంటి కొద్ది సందర్భాలు పోగవడానికే అంత గాఢత, అంత వేడి, అంతసేపు కాచడం. ఒకసారి పోయిందంటే మాత్రం వెనక్కి రాదు. మిగిలింది బెంజోయేట్ అయాన్, దాని జోలికి అమ్మోనియా వెళ్ళదు.

ఆమ్లంలో ప్రోటాన్ ముందు ఆక్సిజన్ మీదే చేరుతుంది. దాంతో కార్బన్ మీద ధనావేశం పెరుగుతుంది, మామూలు నీరే వచ్చి చేరగలదు. నీరు చేరాక నైట్రోజన్ జంట మళ్ళీ నైట్రోజన్‌కే దక్కుతుంది. అది ప్రోటాన్ తీసుకుని అమ్మోనియాగా పోయి, అమ్మోనియం అయానుగా ఉండిపోతుంది. కాగితం మీద ఈ దారే నున్నగా ఉంటుంది. అయినా నేను క్షారం అంటున్నానంటే, పని ఎంతవరకు వచ్చిందో అందులో కంటికి కనిపిస్తుంది కాబట్టి.

1.5 గ్రాముల బెంజమైడ్, 25 మిల్లీలీటర్ల 10% సోడియం హైడ్రాక్సైడ్ తీసుకుని అరగంట సన్నగా మరగనివ్వండి. తడిపిన ఎర్ర లిట్మస్‌ని ఆవిరిలో పట్టుకుంటే నీలంగా మారుతుంది. కాగితం గాజుకి తగలకూడదు. తుంపర్లలోని క్షారం అంటినా నీలమే వస్తుంది, అమ్మోనియా అనుకుని మోసపోతాం. అరగంట తర్వాత ఆమ్లం పోయకముందే రెండు మిల్లీలీటర్లు టెస్ట్‌ట్యూబ్‌లోకి తీసి బాగా చల్లార్చండి. తెల్లటి స్ఫటికాలు వస్తే అవి ఇంకా విడిపోని బెంజమైడ్‌వే, ఎందుకంటే సోడియం బెంజోయేట్ చల్లటి నీళ్ళలో కూడా కరిగే ఉంటుంది. స్ఫటికాలు లేకపోతేనే మొత్తం చల్లార్చి, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోయండి. బెంజోయిక్ ఆమ్లం తెల్లగా దిగుతుంది. లెక్క ప్రకారం రావలసింది సుమారు 1.5 గ్రాములు.

ఆమ్లంలో కాస్తే ఈ పరీక్షే కుదరదు. చల్లారగానే బెంజోయిక్ ఆమ్లమూ దిగుతుంది, మిగిలిన బెంజమైడూ దిగవచ్చు. రెండూ తెల్లనివే. ద్రవీభవన స్థానాలూ దగ్గరదగ్గరే, ఒకటి 122 డిగ్రీలు, రెండోది 128 దగ్గర. వానాకాలంలో మా డెల్టా తేమకి సరిగ్గా ఆరని బెంజమైడ్ ఇంకా కిందే కరిగి, అచ్చం బెంజోయిక్ ఆమ్లంలా కనిపిస్తుంది. అప్పుడు సోడియం బైకార్బొనేట్ ద్రావణంలో వేసి బుడగలు వస్తాయా, మొత్తం కరుగుతుందా అని చూడాల్సిందే.

బెంజోనైట్రైల్‌కీ నాది ఇదే మాట. 10% క్షారంతో రిఫ్లక్స్ చేస్తుంటే నూనె చుక్కలు ముప్పావుగంటలో మాయమవుతాయి. అక్కడే చాలామంది మంట ఆపేస్తారు. చుక్కలు పోయాయంటే నైట్రైల్ అయిపోయిందనే అర్థం. అది ముందు అమైడ్ అవుతుంది, ఆ అమైడ్ వేడి నీళ్ళలో కరిగి దాక్కుంటుంది. పై టెస్ట్‌ట్యూబ్ పరీక్ష ఇక్కడా చేయండి. అమైడ్ దగ్గరే ఆగాలనుకుంటే క్షారంతో పాటు హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడే పద్ధతి వేరే ఉంది.

అణువులో ఇంకేదైనా బంధం ఉంటే మాత్రం నా మొగ్గును పక్కన పెట్టి దాన్ని చూడాలి. మన రొయ్యల పెంకులే తీసుకోండి. వాటిలోని కైటిన్‌లో చక్కెర ముక్క ముక్కకీ ఒక ఎసిటమైడ్ ఉంటుంది. 40–50% సోడియం హైడ్రాక్సైడ్‌లో వంద డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచితే ఎసిటైల్ చాలావరకు ఊడిపోతుంది. చక్కెరల మధ్య బంధాలు క్షారానికి తట్టుకుంటాయి కాబట్టి గొలుసు చాలావరకు నిలిచి, కైటోసాన్ వస్తుంది. అదే కైటిన్‌ని గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కాస్తే ఎసిటైల్‌తో పాటు గొలుసూ తెగి గ్లూకోసమైన్ హైడ్రోక్లోరైడ్ చేతికొస్తుంది.