కవితల పుస్తకం అచ్చుకిస్తున్నారా? ముఖచిత్రం చూసి సరే అనకండి

నేను పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయురాలిని. 11 ఏళ్ల మా మనవరాలు రాసిన 18 కవితలను ఒక చిన్న పుస్తకంగా కూర్చి, పేజీలన్నీ వర్డ్‌లో నేనే దిద్దుకుని, 50 ప్రతుల కోసం ఒక ముద్రణాలయానికి ఇచ్చాను. ఇలాంటి పనిలో ఉన్నవారికి నాకు జరిగినది జరగకూడదని ఇది రాస్తున్నాను.

నా దగ్గర పీడీఎఫ్ సిద్ధంగా ఉన్నా, వర్డ్ ఫైలు ఇస్తే చాలు, మిగతాది మేము చూసుకుంటామని వారు అంటే నమ్మి ఇచ్చాను. వారు అందులోని పాఠాన్ని తమ పాత పేజీ అమరిక సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించారు. యూనికోడ్ తెలుగులో ఒత్తులను అక్షరం కింద చేర్చే పని సాఫ్ట్‌వేర్‌దే. ఆ పని చేతకాని చోట ఒత్తులు విడిపోయి పొల్లు బయటపడుతుంది. పుస్తకం తెరవగానే ‘నక్షత్రం’ బదులు ‘నక్‌షత్‌రం’ కనిపించింది. పరిశీలనకు వారు నా ఫోనుకు పంపింది ముఖచిత్రం ఒక్కటే. అది నేను బొమ్మగా ఇచ్చినది కాబట్టి, అందులో అక్షరాలు చెక్కుచెదరలేదు, నాకు అనుమానమూ రాలేదు.

రెండో పొరపాటులో నా వంతు కూడా ఉంది. మధ్యలో పిన్నులు కొట్టే పుస్తకంలో, మడిచిన ఒక్కో కాగితం 4 పేజీలవుతుంది కనుక, మొత్తం పేజీలు నాలుగుతో భాగింపబడాలి. నేను ఇచ్చినవి 22. వారు నాకు చెప్పకుండా రెండు ఖాళీ పేజీలు చేర్చి 24 చేశారు. రెండూ చివర వేసి ఉంటే నష్టం లేకపోయేది, కానీ ఒకటి మొదట్లోనే వేశారు. దాంతో 6, 7 పేజీలలో ఎదురెదురుగా ఉండవలసిన వాన కవిత 7, 8 పేజీలకు జరిగింది. ఎడమ పేజీలో మబ్బు, కుడి పేజీలో మెట్లుమెట్లుగా దిగే చినుకుల పంక్తులు ఒక్క చూపులో అందాలని నేను పడిన శ్రమంతా, కాగితం తిప్పితే గాని వాన కురవని స్థితికి వచ్చింది.

అడిగితే, ఫైలు ఎలా ఉంటే అలాగే వేశామన్నారు. నేను లిఖితపూర్వకంగా ఏమీ తీసుకోలేదు కనుక వాదించలేకపోయాను.

మీరు పీడీఎఫ్ మాత్రమే ఇవ్వండి. అడోబీ రీడర్‌లో Ctrl+D నొక్కి, Fonts విభాగంలో ప్రతి ఫాంటు పక్కన, అది ఫైలులోనే ఇమిడి ఉందని తెలిపే Embedded అన్న మాట ఉందో లేదో చూసుకోండి. ఆ తర్వాత, పుస్తకానికి వాడబోయే కాగితంపైనే అచ్చువేసి, మడిచి, పిన్నులు కొట్టిన ఒక పూర్తి ప్రతిని తెప్పించుకుని, ఒత్తులున్న పదాలను వేలు పెట్టి చదివి, దాని మీద సంతకం చేశాకే మిగతావి వేయమనండి.

మా మనవరాలు ఒత్తులు విడిపోయిన పేజీని చాలాసేపు చూసి, “అమ్మమ్మా, నేనే తప్పు రాశానా?” అని అడిగి, పెన్సిలు తెచ్చుకుని తన ప్రతిలో ఒత్తులు దిద్దడం మొదలుపెట్టింది.