‘చూద్దాం లెండి’ అనాలా, ‘ఈ ఏడాది కుదరదు’ అనాలా?

ఊళ్లోని ఆడిటర్ల సంఘం అధ్యక్షులు ఆగస్టులో ఫోను చేసి, సదస్సుల కమిటీకి కన్వీనరుగా ఉండమని అడిగారనుకుందాం. టాక్స్ ఆడిట్ నివేదికలకు మామూలు గడువు సెప్టెంబరు 30. ఆ తర్వాత అక్టోబరు 31న రిటర్నుల గడువు.

‘చూద్దాం లెండి’ అనడం మర్యాదగానే వినిపిస్తుంది. కానీ అవతలివారు దాన్ని సగం ఒప్పుకోలుగా తీసుకుంటారు. ఆహ్వాన పత్రంలో పేరు అచ్చయ్యాక తప్పుకుంటే, వక్తలను పిలిచే పని మరొకరి నెత్తిన పడుతుంది. ఆ చేదు చాలాకాలం ఉంటుంది.

రెండోది ఆ ఒక్క నిమిషమే ఇబ్బంది. అయితే ‘పని ఒత్తిడి’ అని ఊరుకోకూడదు. ‘పెద్ద పనేమీ ఉండదండీ’ అని వెంటనే బతిమాలతారు. తేదీలు చెబితే వాదనకు చోటుండదు. ముందు ఫోనులో చెప్పి, అదే రోజు ఇలా రాసి పంపవచ్చు:

‘నమస్కారం సార్. నన్ను తలచుకున్నందుకు సంతోషం. అక్టోబరు నెలాఖరు దాకా ఆడిట్లతో ఊపిరాడదు, అందుకే ఈ ఏడాది కన్వీనరు బాధ్యత తీసుకోలేను. నవంబరులో జీఎస్టీ వార్షిక రిటర్నులపై ఒక సదస్సుకు మాట్లాడతాను. వచ్చే ఏడాది కమిటీ వేసే ముందు, ఏప్రిల్‌లో ఒకసారి అడగండి.’

ఆ నవంబరు మాట నిజంగా నిలబెట్టుకోగలిగితేనే రాయాలి. ఏప్రిల్ మాట కూడా అంతే. ఎప్పటికీ ఇష్టం లేనివారు ఆ వాక్యం తీసేయడమే మేలు. నేనైతే రెండోదాన్నే ఎంచుకుంటాను, ఫోను ఎత్తేటప్పుడు గొంతు కాస్త తడబడినా సరే.