సెకండ్ హ్యాండ్ బండికి ధర కట్టడం: విశాఖలో ఏ లెక్క నిలుస్తుంది?

స్కూటరో బైకో ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టే ముందు ధర తేల్చుకోవడానికి జనం వాడే దారులు మూడు: సైట్లు చూపించే అంచనా, ఇన్సూరెన్స్ కాగితం మీద బండి విలువగా రాసే ఐడీవీ, అలాంటి బండ్లకే ఇతరులు పెట్టిన ధరలు. మూడూ చాలాకాలంగా వాడి చూశాక చెబుతున్నా, ధర నిర్ణయించాల్సింది మూడోదే. మొదటి రెండూ సరిచూసుకోవడానికి పనికొస్తాయి.

సైట్ల అంచనా మోడల్, సంవత్సరం, కిలోమీటర్లు అడుగుతుంది. బండి సముద్రం ఒడ్డున లాసన్స్ బే దగ్గర ఆరుబయట ఉందో, గాజువాకలో షెడ్డు కింద ఉందో అడగదు. ఈ ఊళ్లో ధర తేడా పడేది అక్కడే.

ఇతరుల ధరలు చూడటంలో చాలామందికి తట్టని చిక్కు ఒకటుంది. ఈ రోజు సైట్ తెరిస్తే కనబడేవన్నీ ఇంకా అమ్ముడుపోని బండ్లు. సరైన ధర పెట్టినవి నాలుగైదు రోజుల్లో వెళ్లిపోతాయి, ఎక్కువ చెప్పినవే నెలల తరబడి ఉండిపోతాయి. వాటి సగటు తీస్తే మన ధరా వాటి పక్కనే నిలబడుతుంది. అందుకే రెండు వారాల పాటు అదే మోడల్, అదే సంవత్సరం లేదా ఒక ఏడాది అటూఇటూ ఉన్న ప్రకటనల్ని ధర, తేదీతో రాసుకోవాలి. మాయమైన వాటి ధరే మనకు కావలసింది. పెట్టిన రోజే మాయమైందంటే మరీ తక్కువ చెప్పి ఉంటారు. అదే ఫొటో తక్కువ ధరతో మళ్లీ వస్తే పాత ధర కొట్టేయండి.

ఏపీ 39 నంబరు చూసి బండి ఏ ఊళ్లో తిరిగిందో చెప్పలేం, 2019లో రాష్ట్రమంతటికీ కలిపి తెచ్చిన సిరీస్ అది. చిరునామా చూడండి. తెలంగాణ రిజిస్ట్రేషన్ బండ్లను లెక్కలోంచి తీసేయండి. కొన్నవాళ్లకు ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ అదనపు ఖర్చు కాబట్టి వాటి ధర వేరు. 2025 సెప్టెంబరు 22కి ముందు పెట్టిన ప్రకటనలూ వద్దు. ఆ రోజు నుంచి 350 సీసీ లోపు బండ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. పన్ను తగ్గినంతా ధరలో తగ్గితే కొత్త బండి దాదాపు ఎనిమిది శాతం చవక. పాత ఇన్‌వాయిస్ పట్టుకుని లెక్క వేసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటున్నారు.

ఒక లెక్క చూద్దాం. అంకెలు ఉదాహరణకే. 110 సీసీ స్కూటర్, నాలుగేళ్లు దాటింది, 28 వేల కిలోమీటర్లు, ఎంవీపీ కాలనీలో ఆరుబయట ఉండేది. రాసుకున్న ఆరింటిలో 58, 55, 52 వేలవి అలాగే ఉన్నాయి. 49, 47, 46 వేలవి వెళ్లిపోయాయి. మధ్యది 47 వేలు.

ఇప్పుడు తుప్పు. సైలెన్సర్ అడుగున, స్టాండు దగ్గర, ఫుట్‌బోర్డు కింది రేకు మీద చూడాలి. అన్నిటికంటే ముఖ్యం ముందు ఫోర్కు పైపులు. ఉప్పుగాలికి క్రోమ్ మీద సన్న గుంటలు పడితే అవి ఆయిల్ సీలును కోసేస్తాయి. సీలు మార్చినా మళ్లీ కారుతుంది, పైపే మార్చాలి. గుడ్డతో తుడిచి, బ్రేకు పట్టి హ్యాండిల్‌ను పదిసార్లు నొక్కండి. పైపు మీద నూనె గీత పడితే ఖర్చు ఉన్నట్టే. మన బండికి ఫోర్కు బాగుంది, సైలెన్సర్ మాత్రం తినేసింది. మెకానిక్ మూడు వేలన్నాడు. 47లోంచి తీస్తే 44 వేలు. తుప్పు మీద నల్ల పెయింట్ కొట్టొద్దు, కొత్త పెయింట్ చూడగానే కొనేవాళ్లకు ఇంకేం దాచారోనన్న అనుమానం వస్తుంది. బ్యాటరీ, బ్రేకుల్లాంటివి మాత్రం ముందే బాగుచేయించాలి. సెల్ఫ్ అందుకోకపోతే బ్యాటరీ ధరకు రెండింతలు బేరమాడతారు. టైర్లు కొత్తవి వేస్తే ఆ డబ్బు తిరిగి రాదు.

ఐడీవీ పట్టిక ప్రకారం నాలుగు నుంచి ఐదేళ్ల బండికి తరుగుదల 50 శాతం. కొత్తది షోరూమ్‌లో 76 వేలనుకుంటే 38 వేలు. మన 44 దాని పైనే ఉంది, మరీ దూరంగా లేదు. ఐదేళ్లు దాటితే ఈ పట్టిక వర్తించదు.

44 మీద బేరం కోసమని మళ్లీ మూడు వేలు కలపొద్దు. మాయమైన ప్రకటనల ధరలోనే ఆ బేరం ఉంది. 44,500 పెట్టండి, 45 వేల లోపు వెతికేవాళ్లకు కనబడుతుంది. “లాస్ట్ ఎంతకిస్తారు గురూ?” అనే ఫోన్లకు బండి చూడకముందే అంకె చెప్పకండి, కానీ 41,500 కంటే దిగనని మీరు ముందే అనుకుని ఉండాలి. పది రోజుల్లో ఫోన్లే రాకపోతే ధర ఎక్కువ, వెయ్యి తగ్గించండి. వచ్చి చూసినవాళ్లు నడిపాక వెనక్కి తగ్గుతుంటే ధర ముట్టుకోకుండా బండిని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.